వ్యాసం దిద్దేవారికి తిరగేసిన సలహాలు

విద్యార్థి వ్యాసం దిద్దేవాళ్ళకు అందరూ చెప్పే సలహాలు నాలుగున్నాయి. కంప్యూటరు గీసిన ఎర్రగీతలు ముందు సరిచెయ్యమంటారు. అర్థం చూసుకుంటూ నింపాదిగా చదవమంటారు. ఒకసారి పైకి చదివితే తప్పులు వాటంతటవే చెవిన పడతాయంటారు. తప్పు కనబడ్డ వెంటనే పక్కన ఒప్పు రాసి పెట్టమంటారు. మిగతా తప్పుల మాట ఎలా ఉన్నా, ఒకేలా వినిపించే రెండు మాటల్లో ఒకటి రావలసిన చోట రెండోది వచ్చి కూర్చునే తప్పు ఈ నాలుగింటికీ లొంగదు. అందుకని ఇక్కడ చెప్పేవన్నీ వాటికి ఎదురు సలహాలు. వినడానికి తలకిందులుగా ఉంటాయి. వాటినే పాటించమని చెబుతున్నాను.

ఇంగ్లీషులో ఈ తప్పుకు పేరుపడ్డ జంటలు అఫెక్ట్, ఎఫెక్ట్. ‘వాళ్ళ’ అని చెప్పే దేర్, ‘అక్కడ’ అని చెప్పే దేర్. తెలుగుకు ఈ బెడద లేదని, మనది పలికినట్టు రాసే భాష అని చాలామంది ధీమాగా ఉంటారు. ళ ను ళ లాగా, ధ ను ధ లాగా పలికే నోటికి అది నిజమే. కానీ గోదావరి జిల్లాల్లో ‘ఎల్లొత్తాను’ అని ఇంట్లోంచి బయల్దేరే పిల్లవాడి నోట్లో ‘వెళ్ళి’లోని ళ్ళ వత్తు ఎప్పుడో ల్ల అయిపోయింది. అది వాడి తప్పు కాదు, వాడి ఊరి మాట. మాటగా అది ఎంతో బాగుంటుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ చెవితోనే వాడు ‘ఇళ్ళు’ అని రాయవలసిన చోట ‘ఇల్లు’ అని రాస్తాడు. ‘ఇల్లు’ కూడా తెలుగు మాటే. కంప్యూటరుకు అందులో ఏ తప్పూ కనబడదు.

ఇలాంటి జంటలు వ్యాసాల్లో పదే పదే వస్తుంటాయి. వేల అంటే వెయ్యికి బహువచన రూపం, వేళ అంటే సమయం. కల నిద్రలో వచ్చేది, కళ నేర్చుకునేది. కల్లు తాటిచెట్టు నుంచి దిగేది, కళ్ళు ముఖాన ఉండేవి. ప్రదానం అంటే ఇవ్వడం, ప్రధానం అంటే ముఖ్యమైనది. అర్ధం అంటే సగం, అర్థం అంటే భావం. సకలం అంటే అంతా, శకలం అంటే ముక్క. వ్యాకరణం చదువుకోమని తండ్రి కొడుక్కి చెప్పే పాత సంస్కృత శ్లోకం ఒకటుంది. అందులో తండ్రి చూపించే భయాల్లో ఈ సకలం, శకలం జంట కూడా ఉంది. కాబట్టి ఈ బాధ కీబోర్డుతో పుట్టింది కాదు.

మాటలు విడివిడిగా చూస్తే ఎవరూ పొరబడరు. పేరాలో దాక్కున్నప్పుడే కష్టం. డెల్టా బడుల్లో పిల్లలు తరచు రాసే అంశం ధవళేశ్వరం ఆనకట్ట. పిల్లల రాతల్లో కనబడే జారుళ్ళన్నీ ఒకచోటికి తెచ్చి, ఆ అంశం మీద నేను అల్లిన పేరా ఇది:

“గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టక ముందు వరద వేల పల్లెల్లో ఇల్లు కూలిపోయేవి. నీరు రాని ఏడాది కరువు వేళ మందిని పొట్టన పెట్టుకునేది. కాటన్ దొర పట్టుదల వల్ల 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ఆయన కళ ఫలించి, ప్రదాన కాలువల గుండా సార్వాకు నీరు పారింది, తరవాత దాళ్వా కూడా వచ్చింది. కాలువలోకి వదిలే నీటి పరిణామం పంటను బట్టి ఉంటుంది. ఈ డెల్టాను అన్నపూర్ణ అని ఎందుకంటారో నాకు ఇప్పుడు అర్ధమైంది.”

కింద చదివే ముందు ఇందులో ఎన్ని జారుళ్ళున్నాయో ఒకసారి మీరే లెక్కపెట్టండి. ఏడున్నాయి.

ఎర్రగీతలు తీసేయండి

మొదట చెయ్యవలసిన పని, అక్షరదోషాలు చూపే సదుపాయాన్ని ఆపెయ్యడం. ఆ సదుపాయం పని తీరు తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. దాని దగ్గర మాటల పట్టీ ఒకటి ఉంటుంది. వ్యాసంలోని ఒక్కొక్క మాటనూ ఆ పట్టీతో పోల్చి, పట్టీలో ఉంటే వదిలేస్తుంది, లేకపోతే గీత గీస్తుంది. పక్క మాట ఏమిటో దానికి పట్టదు. ఇంగ్లీషుకు మాత్రం చుట్టూ ఉన్న మాటలను చూసి కొన్ని జంటలను పట్టుకునే ఏర్పాటు 2007 నాటి వర్డ్‌లోనే వచ్చింది. తెలుగు వ్యాసం టైపు చేసే పిల్లలకు మామూలుగా అందుబాటులో ఉండేది పట్టీ చూసే రకమే.

పైన ఉన్న పేరాను ఆ పట్టీ కళ్ళతో చూడండి. వేల, ఇల్లు, వేళ, కళ, ప్రదాన, పరిణామం అన్నీ నిఘంటువులో ఉన్న మాటలే, ఒక్కదాని కిందా గీత పడదు. గీత పడే అవకాశం ఉన్నవి ధవళేశ్వరం, సార్వా, దాళ్వా. మూడూ ఒప్పులే. సార్వా, దాళ్వా లేకుండా గోదావరి జిల్లాల వ్యవసాయం గురించి మాట్లాడ్డమే కుదరదు. కానీ అవి ఈ ప్రాంతం మాటలు కాబట్టి పట్టీలో ఉంటాయన్న హామీ లేదు. పైగా తెలుగులో ప్రత్యయాలు మాటకు అంటుకుపోతాయి. ‘కాలువలగుండా’ అని కలిపి రాస్తే అదీ పట్టీకి కొత్త మాటే అయిపోతుంది.

ఫలితం ఏమిటంటే, చూసేవాడి కన్ను ఒప్పుల దగ్గర ఆగుతుంది, తప్పుల మీదుగా జారిపోతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. గీతకు భయపడి పిల్లలు ‘సార్వా’ తీసేసి ‘ఖరీఫ్’ అని, ‘దాళ్వా’ తీసేసి ‘రబీ’ అని మార్చేస్తారు. మంచి మాట పోతుంది, జారిన మాట ఉండిపోతుంది. అందుకని గీతలు ఆపి చదవండి. జంటల పని పూర్తయ్యాక, వేలి పొరపాట్ల కోసం గీతలు మళ్ళీ తెరుచుకోవచ్చు. ‘భాధ’ లాంటి ఎక్కడా లేని మాటలను పట్టుకోవడానికి అవి బాగానే పనికొస్తాయి.

అర్థం కోసం చదవకండి

వ్యాసం మొదటి నుంచి చివరి దాకా అర్థం పట్టుకుని చదివితే, తరవాత ఏ మాట రావాలో మనసు ముందే ఊహిస్తుంది. కాగితం మీద ఏముందో చూడకుండానే ఆ మాట చదివేస్తుంది. బాగా చదువుకున్నవాళ్ళలో ఈ అలవాటు ఇంకా బలంగా ఉంటుంది కాబట్టి, అనుభవమున్న మాస్టార్లే ఈ జంటలను ఎక్కువగా దాటిపోతారు. ‘కరువు వేళ మందిని’ అన్నచోట వాళ్ళ మనసు ‘వేల మంది’ అని వినేసి ముందుకు వెళ్ళిపోతుంది.

దీనికి విరుగుడు వ్యాసాన్ని చివరి వాక్యం నుంచి మొదటి వాక్యానికి చదవడం. ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. మాట మాటనూ వెనక్కి చదవమని కొందరు చెబుతారు. అది ఈ తప్పుకు పనికిరాదు. ‘వేళ’ అన్న మాటను విడిగా చూస్తే అది ఒప్పే. పక్కన ‘మంది’ ఉన్నప్పుడే అది తప్పు. కాబట్టి వాక్యాల వరస తిరగెయ్యాలి గానీ వాక్యం లోపలి వరస తిరగెయ్యకూడదు. వాక్యం నిండుగా ఉంటుంది, కథ మాత్రం తెగిపోతుంది. కథ తెగితే ఊహ ఆగిపోతుంది.

అక్షరాలు కూడా పెద్దవి చేసుకోండి. థ కూ ధ కూ మధ్య ఉన్న తేడా లోపలి చుక్క ఒక్కటే. వత్తుగా మారి ర కింద చేరినప్పుడు ఆ చుక్క ఇంకా చిన్నదైపోతుంది. ఫోను తెర మీద మామూలు సైజులో అర్థం, అర్ధం రెండూ ఒకేలా కనబడతాయి. రెండింతలు చేసి చూస్తే గానీ ఏది ఉందో తెలియదు. చూడ్డానికి కష్టమైనప్పుడు వెతకడమే మేలు. ఆ సంగతి కింద వస్తుంది.

పైకి చదివి సంతోషపడకండి

పైకి చదవడం వాక్యం కుంటుతోందో లేదో తెలుసుకోవడానికి మంచి పద్ధతి. కానీ ఒకేలా వినిపించే మాటలను వినికిడితో పట్టుకోవాలనుకోవడం వృథా. ఇంగ్లీషులో రెండు దేర్‌లనూ ఎంత స్పష్టంగా పలికినా చెవికి ఒకటే. పిల్లవాడి చేత చదివిస్తే మరీ నష్టం. వాడు రాసింది చదవడు, అనుకున్నది చదువుతాడు.

తెలుగుకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది, అది మన లిపి చలవ. మన లిపిలో రెండు మాటలకూ రెండు పలుకులు నిజంగానే ఉన్నాయి, మనం వాడుకలో కలిపేశాం అంతే. అందుకని మామూలుగా కాకుండా, అక్షరం ఎలా ఉంటే అలా, ళ దగ్గర నాలుక పూర్తిగా వెనక్కి మడిచి, ధ దగ్గర గాలి గట్టిగా వదిలి, కృత్రిమంగా చదవండి. నాటకం పద్యం చదివినట్టు ఉంటుంది, ఉండనివ్వండి. ‘ప్రదాన కాలువల గుండా’ అని ద ను తేలిగ్గా పలికితే, సన్మాన సభలో వినే ‘పురస్కార ప్రదానం’ చెవిలో మెదులుతుంది. అక్కడ తప్పు బయటపడుతుంది. ఇలా చదవవలసింది దిద్దేవారు, రాసినవారు కాదు.

తప్పును వెతకకండి, జంటను వెతకండి

అన్నిటికన్నా ముఖ్యమైన సలహా ఇదే. తప్పు కోసం వెతికితే దొరకదు, ఎందుకంటే అది తప్పులా కనబడదు. వెతకవలసింది జంటలోని రెండు మాటలనూ, అవి ఒప్పుగా ఉన్న చోట్లతో సహా. కంప్యూటరులో Ctrl+F నొక్కి ‘వేల’ అని కొట్టండి. దొరికిన ప్రతి చోటా ఆగండి. తరవాత ‘వేళ’ అని కొట్టండి, మళ్ళీ ప్రతి చోటా ఆగండి. ఆగిన చోటల్లా ఆ మాట తీసి దాని అర్థం పెట్టి చూడండి. వేల ఉన్నచోట ‘రెండు వేల’ అని, వేళ ఉన్నచోట ‘సమయం’ అని.

పేరా మీద ఇది ఎలా నడుస్తుందో చూద్దాం. ‘కరువు సమయం మందిని పొట్టన పెట్టుకునేది’ అంటే వాక్యం నిలబడదు. అక్కడ వేల ఉండాలి. ‘సగమైంది’ అని పెట్టి చూస్తే ‘ఎందుకంటారో నాకు ఇప్పుడు సగమైంది’ అని వస్తుంది, అదీ నిలబడదు. కాబట్టి అర్థమైంది. ‘ఇచ్చే కాలువల గుండా’ కొంచెం తడబడుతూ నిలబడుతుంది గానీ, ‘ముఖ్యమైన కాలువల గుండా’ హాయిగా కూర్చుంటుంది. కాబట్టి ప్రధాన.

‘ఇల్లు కూలిపోయేవి’కి అర్థం పెట్టి చూడ్డం పనిచెయ్యదు, రెండింటి అర్థం ఒకటే, వచనమే తేడా. అక్కడ క్రియ సాయానికి వస్తుంది. ఒక్కటైతే ‘కూలిపోయేది’ అనాలి, ‘కూలిపోయేవి’ అన్నాడంటే రాసినవాడి మనసులో చాలా ఇళ్ళున్నాయి. ముల్లు, ముళ్ళు జంటకూ ఇదే దారి. అయితే క్రియ ఎప్పుడూ ఆదుకోదు. ‘వరద ఇల్లు ముంచేసింది’ అంటే క్రియ వరదను చూసి మారుతుంది, ఇంటిని చూసి కాదు. ఒక ఇల్లా, ఊరంతానా అన్నది ఆ వాక్యం నుంచి తేలదు. ముందు వెనక వాక్యాలు చూడాలి, లేదా పిల్లవాణ్ణే అడగాలి.

ఇళ్ళ దగ్గర ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ‘ఇళ్ళు’ అనీ ‘ఇళ్లు’ అనీ రెండు రకాలుగానూ రాస్తారు. పత్రికల్లో రెండోదే ఎక్కువ. రెండూ ఒప్పే, దానికి మార్కు కొయ్యకండి. కానీ వెతికేటప్పుడు ఒకటి కొడితే రెండోది దొరకదు. రెండూ కొట్టాలి.

‘నీటి పరిణామం’ సంగతి వేరు. పరిణామం, పరిమాణం అచ్చంగా ఒకేలా వినిపించవు, ణ, మ లు చోటు మార్చుకుంటాయి. కానీ అఫెక్ట్, ఎఫెక్ట్ ఇంగ్లీషు వ్యాసంలో చేసే చెరుపంతా మన వ్యాసాల్లో ఈ జంట చేస్తుంది. దీనికి ప్రశ్నలు పెట్టాలి. ‘ఎంత?’ అన్న ప్రశ్నకు జవాబైతే పరిమాణం. ‘చివరికి ఏమైంది?’ అన్న ప్రశ్నకు జవాబైతే పరిణామం. కాలువలోకి వదిలే నీరు ఎంత అన్నదే ఆ వాక్యం చెబుతోంది. కాబట్టి పరిమాణం. అదే ‘1986 ఆగస్టు వరద పరిణామాలు’ అని రాస్తే, గట్లు తెగి లంకలు మునిగిన సంగతులన్నీ అందులోకి వస్తాయి. ‘1986 వరద పరిమాణం’ అంటే ధవళేశ్వరం దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు పారిందన్న లెక్క. రెండు వాక్యాలూ ఒప్పే, రెండూ వేరు వేరు వ్యాసాలు.

మిగిలినవి రెండు. వాటి కోసమే ఈ పేరాను ఇలా అల్లాను.

‘ఆయన కళ ఫలించి’. అర్థం పెట్టి చూస్తే ‘ఆయన విద్య ఫలించి’ అని వస్తుంది. ఆనకట్ట కట్టడం ఇంజనీరు విద్యే కదా, వాక్యం ఏ ఇబ్బందీ లేకుండా నిలబడింది. ఇలాంటప్పుడు మాట చుట్టూ తిరిగే తోటి మాటలను చూడాలి. తెలుగులో కలలు ఫలిస్తాయి, నిజమవుతాయి, కల్లలవుతాయి. కళ అబ్బుతుంది, ఉట్టిపడుతుంది, రాణిస్తుంది. ‘ఫలించి’ అన్న క్రియ కల వైపు చెయ్యి చూపిస్తోంది. నూటికి నూరుపాళ్ళు రుజువు కాదు గానీ, అనుమానపు గుర్తు పెట్టడానికి అది చాలు.

‘వరద వేల పల్లెల్లో ఇల్లు కూలిపోయేవి’. దీన్ని ఏ పరీక్షా పట్టుకోలేదు. ‘వరద వేళ, పల్లెల్లో ఇళ్ళు కూలిపోయేవి’ అని పిల్లవాడు అనుకుని ఉండొచ్చు. ‘వరదకు వేల పల్లెల్లో’ అనుకుని ‘కు’ మరిచిపోయి ఉండొచ్చు. రెండూ పొందికైన వాక్యాలే. మొదటిదైతే అక్షరం జారింది, రెండోదైతే ప్రత్యయం పోయింది. ఏది దిద్దాలో దిద్దేవాడు నిర్ణయించకూడదు, రాసినవాణ్ణి అడగాలి. ఇక్కడ మనం ‘వేళ’ అని దిద్దేస్తే, వాడు రాయని మాటను వాడి నోట పెట్టినవాళ్ళమవుతాం.

వెతికే పనికి అనుబంధంగా ఒక హెచ్చరిక. Ctrl+H నొక్కి ఒకటి తీసి రెండోది అంతటా ఒకేసారి మార్చే పని మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. ‘కల’ తీసి ‘కళ’ అని అంతటా మార్చారనుకోండి, ‘సకల’ పోయి ‘సకళ’ అవుతుంది, ‘మొక్కల’ పోయి ‘మొక్కళ’ అవుతుంది. ‘అర్ధ’ను అంతటా ‘అర్థ’ చేస్తే, ఒప్పుగా ఉన్న ‘అర్ధరాత్రి’ పాడవుతుంది. వెతికేటప్పుడు కూడా ‘కల’ లాంటి పొట్టి మాటకు ముందు ఒక ఖాళీ కొట్టి వెతికితే, ఇలా ఇంకో మాట కడుపులో ఉన్నవి చాలావరకు రావు.

ఏ వైపుకు జారిందో చూడండి

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద టైపు చేసే పిల్లల వ్యాసాలైతే, తప్పు జాతకం తప్పులోనే ఉంటుంది. ఆ కీబోర్డులో ల, ళ ఒకే మీట మీద ఉంటాయి, షిఫ్ట్ నొక్కి ఉంచితే ళ పడుతుంది. ద, ధ అంతే. త, థ అంతే. స, శ కూడా అంతే. షిఫ్ట్ మరిచిపోతే ‘వేళ’ బదులు ‘వేల’ పడుతుంది, ‘ప్రధాన’ బదులు ‘ప్రదాన’ పడుతుంది. అది వేలి తప్పు కావచ్చు, పిల్లవాడికి చూపిస్తే నవ్వి సరిచేసుకుంటాడు.

కానీ ‘వేల’ బదులు ‘వేళ’ పడాలంటే షిఫ్ట్‌ను పనిగట్టుకుని నొక్కాలి. కాబట్టి పేరాలోని ‘కరువు వేళ మందిని’, ‘ఆయన కళ ఫలించి’ వేలి తప్పులు కావు. ళ దగ్గర ల రాసినందుకు ఎన్నోసార్లు తిట్లు తిన్న పిల్లవాడు, భయంతో అన్ని చోట్లా ళ పెట్టడం మొదలుపెడతాడు. అలాంటి వ్యాసం వచ్చిందంటే వాడికి ఇంకా ఎక్కువ ఎర్రసిరా అక్కర్లేదు. రెండు మాటల అర్థాలూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చెప్పడం కావాలి. అర్థం, అర్ధం జంటకు ఈ సూత్రం వర్తించదు. థ, ధ లు వేరు వేరు మీటల మీద ఉన్నాయి, ఒక్క షిఫ్ట్ తేడాతో ఒకటి రెండోదిగా మారదు. అది చాలావరకు తెలియకపోవడమే. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునేవాళ్ళకూ, చేత్తో రాసేవాళ్ళకూ ఈ లెక్కలు సరిపోవు. పిల్లవాడు ఏ కీబోర్డు వాడాడో ముందు అడిగి తెలుసుకోండి.

ఒప్పు రాసి పెట్టకండి

తప్పు మీద గీత కొట్టి పైన ఒప్పు రాస్తే, పిల్లవాడు దాన్ని చూసి ఎక్కించుకుంటాడు. జంటలో రెండో మాట ఏమిటో, ఎందుకు మారిందో వాడికి తట్టదు. వచ్చే వ్యాసంలో అదే తప్పు అక్కడే ఉంటుంది. మీరు తప్పును చూశారని మాత్రం చెప్పండి, ఏ మాటలో ఉందో చెప్పకండి. తప్పున్న వరసకు ఎదురుగా మార్జిన్‌లో ఒక చిన్న గుర్తు పెట్టండి. వరసలో రెండు తప్పులుంటే రెండు గుర్తులు. వెతుక్కునేది వాడే.

పైన ఉన్న పేరాకైతే నేను మొదటి వాక్యానికి రెండు గుర్తులు పెట్టి, ‘ఏ ఉద్దేశంతో రాశావు?’ అని ఒక ప్రశ్న కూడా రాస్తాను. రెండో వాక్యానికి ఒకటి, మూడో దానికి ఏమీ లేదు, నాలుగో దానికి రెండు, ఐదో దానికి ఒకటి, ఆరో దానికి ఒకటి. వాడు తిరిగి తెచ్చినప్పుడు ప్రతి గుర్తుకూ రెండు మాటలు చెప్పాలి, తీసేసింది ఒకటి, పెట్టింది ఒకటి. అనుమానం వస్తే నిఘంటువు చూసుకోమనాలి. పిఠాపురం మహారాజా వారి పేరు మీద వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఈ ప్రాంతపు గ్రంథాలయాల్లో అడిగితే దొరకవలసిన పుస్తకం. తెలుగు మాటకు ఇంగ్లీషు అర్థం కావాలంటే బ్రౌన్ నిఘంటువుంది, అది అచ్చయింది కూడా ఆనకట్ట పూర్తయిన 1852లోనే.

ఇంగ్లీషు వ్యాసం దిద్దవలసి వస్తే పద్ధతి ఇదే, పరీక్ష మాత్రం తెలుగులో పెట్టాలి. దేర్ ఉన్నచోట ‘వాళ్ళ’ అని పెడితే సరిపోతే ఇ-ఐ-ఆర్‌తో ముగిసేది రాయాలి, ‘అక్కడ’ అంటే సరిపోతే ఆర్-ఇ తో ముగిసేది. పిల్లలు పడిపోయేది మూడో చోట. ‘డెల్టాలో కాలువలు చాలా ఉన్నాయి’ అన్న మాటను ఇంగ్లీషులో చెప్పేటప్పుడు వాక్యం మొదట ఒక దేర్ వస్తుంది. తెలుగులో దానికి వాళ్ళ లేదు, అక్కడ లేదు, ఏ మాటా లేదు. తెలుగులో మాట దొరకని దేర్ కూడా ఆర్-ఇ దే అని ఒక్క వాక్యం అదనంగా చెప్పాలి. అఫెక్ట్ దగ్గర ‘దెబ్బతీసింది, మార్చింది’ లాంటి క్రియ పెట్టి చూడాలి, ఎఫెక్ట్ దగ్గర ‘ఫలితం’ అన్న నామవాచకం. ఎఫెక్ట్‌కు ‘జరిగేలా చేయు’ అన్న క్రియారూపం ఒకటి ఉంది గానీ, బడి వ్యాసాల్లో అది చాలా అరుదు. మొదట్లోనే చెప్పి తికమక పెట్టనక్కర్లేదు.

ఇక జంటల పట్టీ. పెద్ద పట్టీ పెట్టుకోవద్దు. పుస్తకాల్లో దొరికే పొడవాటి పట్టీల్లో పిల్లలు జీవితంలో రాయని మాటలే ఎక్కువ. మీ తరగతి వ్యాసాల్లో నిజంగా జారినవే పది జంటలు ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించండి. ఒక జంట ఆ ఏడాది మళ్ళీ కనబడకపోతే తీసేసి, కొత్తగా కనబడినది చేర్చండి. ఆ అట్ట మీద రాసే మాటలు మాత్రం మీరు రాయకండి, ఏ పిల్లవాడి వ్యాసంలో ఆ జంట జారిందో వాడి చేతే రాయించండి.